కనబడిందెంత? ఊహించిందెంత?

ఒక చిన్న ప్రయోగంతో మొదలుపెడదాం. దీనికి ప్రయోగశాల అక్కరలేదు, ఒక పెన్ను, రెండు కాగితాలు చాలు. మొదటి కాగితం మీద మా ఊరి పేరు ‘పెనుబల్లి’ అని పెద్ద అక్షరాలతో రాయండి. రెండో కాగితాన్ని అడ్డుగా పెట్టి, ఆ మాట పైభాగాన్ని మాత్రం మూయండి. ఇప్పుడు చదవండి. ‘ప’ మీది ఎత్వం పోయింది, చివరి అక్షరం మీది గుడి పోయింది. ‘పనుబల్ల’ అన్నట్లు కనబడుతుంది. ఇప్పుడు పైభాగం వదిలి, అడుగుభాగాన్ని మూయండి. ‘ల’ కింది ఒత్తు పోయింది. చక్కగా ‘పెనుబలి’ అని చదువుకోవచ్చు.

ఒక తమాషా గమనించారా? బల్ల అంటే మీరు కూర్చునే బల్ల. బలి అంటే బలి. రెండూ తెలుగు మాటలే, రెండూ అర్థవంతమైనవే, రెండూ తప్పే! అర్థం కుదిరినంత మాత్రాన మనం చదివింది సరైనదని అనుకోవడానికి వీల్లేదన్నమాట. మన లిపిలో అక్షరం శరీరం మధ్యలో ఉంటుంది. తలకట్టు, గుడి, ఎత్వం, ఒత్వం పైన ఉంటాయి. ఒత్తులు చాలామటుకు కింద ఉంటాయి. కొమ్ములు కుడి పక్కన వేలాడతాయి. కాబట్టి ఒక ఫొటోలో ఏ వైపు అంచు తెగిందో చూస్తే, ఏ రకం సమాచారం పోయి ఉంటుందో ముందుగానే చెప్పవచ్చు. పైన తెగితే అచ్చుల గుర్తులు, కింద తెగితే ఒత్తులు, కుడివైపు తెగితే కొమ్ములూ దీర్ఘాలూ, ఆపైన మొత్తం అక్షరాలూ పోతాయి.

ఈ సంగతి నాకు బాగా పట్టుబడింది మా పదో తరగతి విద్యార్థి ఒకడి వల్ల. ఒక ఆదివారం వాడు తండ్రి సెల్‌ఫోను పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అందులో ఒక పాత కాగితం ఫొటో ఉంది. వాళ్ల తాతగారి కాలంలో అన్నదమ్ములు భూమి పంచుకున్నప్పుడు రాసుకున్న చేతిరాత కాగితం అది. అసలు కాగితం మేనమామ గారింట్లో పెట్టెలో ఉంది. ఆయన ఫొటో తీసి పంపాడు. ఫొటో మసకగా ఉంది, పైఅంచు, కుడిఅంచు తెగిపోయాయి, అడుగున కాగితం మడత విప్పనే లేదు. మావాడు దాన్ని చూసి నోటు పుస్తకంలో అందంగా ప్రతి రాశాడు. “మాస్టారూ, తప్పులు చూడండి. నాన్న రేపు తహసీల్దారు ఆఫీసుకు తీసుకెళతారట” అన్నాడు.

వాడి దస్తూరి ముత్యాల కోవ. ఒక్క కొట్టివేత లేదు. ‘సర్వే నెం. 174, విస్తీర్ణం 2 ఎకరాల 15 గుంటలు. రెండో చెక్క 1 ఎకరం 20 గుంటలు. పడమర హద్దు కాలవ పంపు.’ ఆ తర్వాత ఫొటో చూశాను. 174లో మధ్య అంకె స్థానంలో నల్లటి మరక ఉంది. 15లో మొదటి అంకె 1 కావచ్చు, 7 కావచ్చు. గుంటలు అన్న మాట ఫొటోలో ఎక్కడా లేదు, 2 తర్వాత ఒక అడ్డగీత, తర్వాత రెండు అంకెలు, అంతే. ‘పంపు’ అన్నచోట మొదటి అక్షరం ‘ప’నో ‘వ’నో తెలియడం లేదు. “ఇవన్నీ ఎలా చదివావురా?” అని అడిగితే, “చూస్తే అలాగే అనిపించింది మాస్టారూ” అన్నాడు. వాడు అబద్ధం ఆడలేదు. కళ్లు సగం చూస్తే మిగిలిన సగం మెదడే పూరించి, మొత్తం కళ్లే చూశాయని మనకు నమ్మకం కలిగిస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, వాడి ప్రతిలో కళ్లు చూసినదీ మెదడు పూరించినదీ ఒకే సిరాతో, ఒకే దస్తూరితో ఉన్నాయి. చదివేవాడికి తేడా తెలిసే దారి లేదు.

“ఫొటోను వేళ్లతో సాగదీసి పెద్దది చేసి చూశాను కదా” అన్నాడు. ఇక్కడ కొంచెం లెక్క వేద్దాం. ఫొటో అంటే చిన్న చిన్న చుక్కల వరస. 200 మిల్లీమీటర్ల వెడల్పున్న కాగితాన్ని కెమెరా 3000 చుక్కలుగా తీసిందనుకోండి. ఒక మిల్లీమీటరుకు 15 చుక్కలు వస్తాయి. ఫోను నుంచి ఫోనుకు పంపేటప్పుడు బొమ్మ కుదించబడి 1000 చుక్కలే మిగిలాయనుకోండి. అప్పుడు మిల్లీమీటరుకు 5 చుక్కలే. ఇప్పుడు ‘ప’, ‘వ’ అక్షరాలను పక్కపక్కన రాసి చూడండి. ‘ప’లో తలకట్టు అక్షరం ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది. ‘వ’లో అంటుకొని ఉంటుంది. ఆ చిన్న సందే రెండింటికీ ఉన్న ముఖ్యమైన తేడా. చేతిరాతలో ఆ సందు 0.4 మిల్లీమీటరు ఉందనుకుంటే, అసలు ఫొటోలో దానికి 6 చుక్కలు, పంపిన ఫొటోలో 2 చుక్కలు వస్తాయి. చెయ్యి కాస్త వణికి గీతలు మూడు చుక్కల మేర అలుక్కుపోతే సందు పూడిపోతుంది. ఆపైన ఎంత సాగదీసినా ఫోను చేసేది ఒక్కటే, ఉన్న చుక్కల మధ్య వాటి రంగుల సరాసరితో కొత్త చుక్కలు నింపడం. పోయిన సందు తిరిగిరాదు.

అయితే మసకంతా ఒక్క రకం కాదు. చెయ్యి కదలడం వల్ల వచ్చిన మసకకు ఒక దిక్కు ఉంటుంది. చెయ్యి అడ్డంగా కదిలితే నిలువు గీతలు వెడల్పుగా అలుక్కుపోతాయి గాని, అడ్డగీతలు పదునుగానే ఉంటాయి. కెమెరా దృష్టి సరిగా కుదరక వచ్చిన మసక అన్ని వైపులా సమానంగా వ్యాపిస్తుంది. అక్షరాల పక్కన ఉన్న సిరా చుక్కనో చీమ తలంత మచ్చనో చూడండి. అది గీతలాగా సాగి ఉంటే చెయ్యి కదిలినట్లు, గుండ్రంగా ఉబ్బి ఉంటే దృష్టి కుదరనట్లు. మొదటి రకంలో ఏ గీతలను నమ్మవచ్చో కొంతయినా తెలుస్తుంది.

ఇక ‘పంపు’ సంగతి. పడమర హద్దు కాలవ పంపు అయి ఉండవచ్చు, కాలవ వంపు అయి ఉండవచ్చు. రెంటికీ అర్థం బ్రహ్మాండంగా కుదురుతుంది. ఇలాంటప్పుడు పాత దస్తూరి చదివేవారు ఒక ఉపాయం చేస్తారు. ప్రయోగశాలలో మనం కంట్రోలు పెట్టుకుంటాం చూడండి, అలాంటిదే. అదే చెయ్యి, అదే ఫొటోలో, దగ్గరలోనే తప్పకుండా ‘ప’ అని తెలిసిన చోటును వెతకాలి. అదే వరసలో ‘పడమర’ ఉంది కదా! దాని మొదటి అక్షరంలో సందు కనబడుతోందా? కనబడుతుంటే, ఈ మసకలో కూడా సందు నిలుస్తుందన్నమాట. అప్పుడు అనుమానపు అక్షరంలో సందు లేకపోవడం ‘వ’కు సాక్ష్యం అవుతుంది. ‘పడమర’లో కూడా సందు కనబడకపోతే, ఈ ఫొటోకు ఆ రెండక్షరాలను విడదీసే శక్తి లేదని తేలిపోయినట్లే. మావాడి ఫొటోలో రెండోదే జరిగింది. కాబట్టి ‘[ప/వ]ంపు’ అని మాత్రమే రాయగలం, అంతకుమించి ఒక్క అడుగు కూడా వేయలేం.

అంకెల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. మాటలో ఒక అక్షరం పోయినా చుట్టూ ఉన్న అక్షరాలు సాయం చేస్తాయి. ‘గ్రా.ము’ అని ఉంటే మధ్యలో ‘మ’ అని ఎవరైనా చెబుతారు. అంకెలకు అలాంటి చుట్టాలు లేరు. 1, 4ల మధ్య ఏ అంకె అయినా ఉండవచ్చు. మనుషుల పేర్లు, ఇంటిపేర్లు కూడా చాలావరకు అంకెల్లాంటివే.

‘2-?5’ను చూద్దాం. ఆ అంకె 1 గాని 7 గాని. మావాడి వాదన నాకు ముచ్చటేసింది. “ఎకరానికి 40 గుంటలే కదా మాస్టారూ. 75 గుంటలు ఉండవు. ఉంటే ఇంకో ఎకరం కలిపి రాసేవారు. కాబట్టి 15” అన్నాడు. తర్కం చక్కగా ఉంది. కాని అది ఒక పునాది మీద నిలబడింది, కొలత గుంటల్లో ఉందన్న పునాది. మా పెనుబల్లి నుంచి తిరువూరు వైపు హద్దు దాటితే ఆంధ్రప్రదేశ్. అక్కడ భూమిని సెంట్లలో లెక్కిస్తారు, ఎకరానికి 100 సెంట్లు. రెండు వైపుల వాళ్లకూ చుట్టరికాలు, రాకపోకలు ఉన్నాయి. కాగితం రాసిన చెయ్యి ఏ వైపుదో మనకేం తెలుసు? సెంట్లయితే 2-75 ఎంతో సహజమైన అంకె. ఏ కొలతో చెప్పవలసిన పై వరస ఫొటోలో తెగిపోయింది. అందుచేత ‘2-[1/7]5’ అని రాసి, పక్కన ‘గుంటలయితే 1 మాత్రమే కుదురుతుంది, కొలత పేరు ఫొటోలో లేదు’ అని రాయాలి. ఊహను దాచుకోనక్కరలేదు, దాన్ని ఊహ అని చెప్పి, అది దేనిమీద ఆధారపడిందో చూపిస్తే చాలు.

ఈ గుర్తుల పద్ధతి నేను కనిపెట్టింది కాదు. శాసనాలు చదివే పండితులు దీన్ని చాలాకాలంగా పాటిస్తున్నారు. వారు రాయి మీద తడిపిన కాగితం పరచి, బ్రష్షుతో కొట్టి అక్షరాల గుంటల్లోకి దిగేలా చేసి, పైన సిరా అద్దుతారు. నల్లటి నేల మీద అక్షరాలు తెల్లగా తేలుతాయి. ఒక రకంగా అది కూడా రాతి ఫొటోయే. రాయి పగిలినచోట, అరిగినచోట ఏం చేయాలన్న చిక్కు వారికి రోజూ ఎదురవుతుంది. మన దేశపు శాసన సంపుటాల్లో, దెబ్బతిన్నా చదవగలిగిన అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టడం, సంపాదకుడు తానుగా చేర్చిన అక్షరానికి బ్రాకెట్ల పక్కన నక్షత్రం గుర్తు పెట్టడం, బొత్తిగా పోయిన అక్షరాలకు చుక్కలు పెట్టడం అలవాటు. యూరప్‌లో గ్రీకు, లాటిన్ శాసనాలు చదివేవారు 1931లో హాలండులోని లైడెన్ నగరంలో కూడి ఒక పద్ధతి ఒప్పుకున్నారు. అందులో అనుమానపు అక్షరం కింద చుక్క పెడతారు. చదరపు బ్రాకెట్లు మాత్రం పూర్తిగా పోయిన భాగానికి వాడతారు. చూశారా, ఒకే బ్రాకెట్టుకు ఒకచోట ‘దెబ్బతిన్నది’ అని, మరొకచోట ‘పోయింది’ అని అర్థం! అందుకే ఏ గుర్తులు వాడినా, వాటి అర్థం ఏమిటో ప్రతి పైభాగంలో రెండు వరసల్లో రాసిపెట్టాలి. నేను మా పిల్లలకు మన దేశపు పద్ధతినే కాస్త సులువు చేసి చెబుతాను. అనుమానంగా చదివినది [ ]లో, రెండు అవకాశాలుంటే మధ్య గీతతో. నేను చేర్చినది [ ]*లో. పోయినవాటికి అక్షరానికో చుక్క.

అక్షరానికో చుక్క అంటే, పోయినవి ఎన్నో ఎలా తెలుస్తుంది? తెగని వరసలను కొలవాలి. పూర్తిగా ఉన్న వరసల్లో సుమారు 24 అక్షరాలున్నాయి, తెగిన వరసలో 21 ఉన్నాయి అనుకుంటే, మూడో నాలుగో పోయి ఉంటాయి. మన అక్షరాలన్నీ ఒకే వెడల్పు కావు గనుక ‘సుమారు’ అని రాయడం మరచిపోకూడదు. అయినా ఈ లెక్క పనికొస్తుంది. మూడక్షరాల జాగాలో తొమ్మిదక్షరాల పేరును ఎవరైనా పూరిస్తే అది కుదరదని వెంటనే తెలిసిపోతుంది.

తెగిన మాట ఎంత చిక్కు తెస్తుందో చెప్పడానికి మన భాషలోనే పేరుపొందిన ఉదాహరణ ఉంది. అమరావతి స్తూపం శిథిలాల్లో దొరికిన ఒక రాతిముక్క మీద ‘నాగబు’ అన్న అక్షరాలున్నాయి. సుమారు రెండు వేల సంవత్సరాల నాటివి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వీటిని తెలుగు మాటగా గుర్తించారు. నాగము అన్నదానికి ‘బు’ ప్రత్యయంతో ఉన్న రూపం అన్నమాట. అప్పటినుంచి ఇది మనకు దొరికిన తొలి తెలుగు మాట అని ఎన్నో పుస్తకాల్లోకి ఎక్కింది. మీరూ చదివే ఉంటారు. అయితే ఆ ముక్క పెద్ద రాయినుంచి విడిపోయినది. అమరావతి ప్రాకృత శాసనాల్లో నాగ అని మొదలయ్యే మనుషుల పేర్లు చాలా ఉన్నాయి. ఇది ‘నాగబుధి’ వంటి ఒక పేరు మొదటి సగమేమో, మిగతా అక్షరాలు విరిగిన రెండో ముక్కతో పోయాయేమో అన్న అనుమానాన్ని కొందరు లేవదీశారు. ‘నాగబు’ అని కొటేషన్లలో రాస్తే అది ముగిసిన మాటలా కనబడుతుంది. ‘నాగబు…’ అని మూడు చుక్కలతో రాస్తే చదివేవాడు ఆగి, తర్వాత ఏముందని అడుగుతాడు. చుక్కలు పెట్టినందువల్ల శాస్త్రిగారి అభిప్రాయానికి వచ్చే లోటేమీ లేదు, దాన్ని అభిప్రాయంగా విడిగా రాసుకోవచ్చు. నన్నడిగితే మూడు చుక్కల పక్షమే.

మనుషులే కాదు, యంత్రాలు కూడా ఇలా పూరించగలవు. 2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే ఆయన ఒక విచిత్రాన్ని బయటపెట్టాడు. జిరాక్స్ కంపెనీ యంత్రాల్లో కొన్నింటితో ఒక ఇంటి ప్లాను స్కాను చేస్తే, మూడు గదుల వైశాల్యాలు 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు ఉండవలసినచోట, మూడింటికీ 14.13 అనే వచ్చింది. ఫైలు చిన్నదిగా ఉండడం కోసం ఆ యంత్రం ఒకేలా కనబడే చిన్న చిన్న ముక్కలను ఒక్కసారే దాచుకొని, అవసరమైన ప్రతిచోటా అదే ముక్కను అతికిస్తోంది. ‘ఒకేలా’ అని నిర్ణయించడంలో పొరబడితే ఒక అంకె స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంటుంది. కంపెనీ తర్వాత దాన్ని సరిచేసింది. ఇందులో గమనించవలసిందేమంటే, ఆ తప్పు అంకెలు మసకగా లేవు, నిగనిగలాడుతూ ఉన్నాయి. మసక అంకెను చూస్తే అనుమానం వస్తుంది. స్పష్టమైన తప్పు అంకెను చూస్తే రాదు. ఆ గదుల పరిమాణాల్లో తేడా కంటికే తెలియబట్టి పట్టుబడింది.

మావాడి కాగితం దగ్గరికి వద్దాం. ఇటువంటప్పుడు అన్నిటికన్నా మొదట చేయవలసిన పని, వీలుంటే అసలు కాగితం దగ్గరికి మళ్లీ వెళ్లడం. మేనమామగారికి ఫోను చేసి, ఎలా తీయాలో చెప్పాం. కాగితం మడతలన్నీ విప్పి బల్ల మీద పరచాలి. కిటికీ దగ్గర పగటి వెలుతురు పక్కనుంచి పడాలి. ఫోను కాగితానికి సమాంతరంగా ఉండాలి, వంచితే దూరంగా ఉన్న వరసలు చిన్నవవుతాయి. కాగితం మొత్తం నాలుగు అంచులూ కనబడేలా ఒక ఫొటో, తర్వాత ఒకదానిమీదికి మరొకటి కొంచెం వచ్చేలా నాలుగు భాగాలుగా దగ్గరి ఫొటోలు తీయాలి. పంపేటప్పుడు ఫొటోగా కాక ఫైలుగా పంపాలి, అప్పుడు కుదించబడదు. ఆయన ఓపికగా అన్నీ చేశాడు.

కొత్త ఫొటోల్లో పై వరసలో ‘ఎ. గుం.’ అని కనబడింది. కొలత గుంటలే. అడుగున మడతలో దాగిన ‘మొత్తం 3-35’ బయటపడింది. రెండో చెక్క 1-20, కాబట్టి మొదటిది 2-15. మావాడు గర్వంగా చూశాడు. వాడి ఊహ నిజమైంది, నేనూ మెచ్చుకున్నాను. కాని ఒక మెలిక చూపించాను. పై వరస తెగే ఉండి, మొత్తం ఒక్కటే కనబడి ఉంటే ఏమయ్యేది? అంకె 1 అని తేలేది. కాని కొలత తేలేది కాదు. 35 అన్నది 40 కన్నా తక్కువ గనుక, గుంటలయినా సెంట్లయినా కూడిక ఒకేలా వస్తుంది. 3 ఎకరాల 35 గుంటలంటే దాదాపు 3.88 ఎకరాలు. 3 ఎకరాల 35 సెంట్లంటే 3.35 ఎకరాలు. మధ్య తేడా అర ఎకరం పైమాటే. ఒక సాక్ష్యం ఒక ప్రశ్నకు జవాబు చెప్పిందని పక్క ప్రశ్నకు కూడా చెప్పినట్లు కాదు.

‘పడమర’లో సందు ఇప్పుడు స్పష్టంగా ఉంది, అనుమానపు అక్షరంలో లేదు. అది కాలవ వంపు.

సర్వే నంబరు మధ్య అంకె మాత్రం కొత్త ఫొటోలోనూ రాలేదు. మొదటి ఫొటోలో మరకలా కనబడింది మరక కాదు, మడత మీద కాగితమే చిరిగి ఏర్పడిన చిల్లు. దానిలోంచి కింది బల్ల నల్లగా కనబడింది. ఫొటోలో తెగిపోవడం వేరు, కాగితంలోనే పోవడం వేరు. మొదటిదానికి మరో ఫొటో తీయవచ్చు, రెండోదానికి మరో కాగితమే వెతకాలి. అందుకని ఏది ఏ కారణంగా పోయిందో పక్కన రాయాలి.

మావాడు రెండో ప్రతిని ఇలా రాశాడు. ‘సర్వే నెం. 1.4 (మధ్య అంకె కాగితం చిల్లులో పోయింది). విస్తీర్ణం ఎ. 2-[1]5 గుం. (మొత్తం 3-35ను బట్టి సరిచూసినది).’ ప్రతి కింద ఏ ఫొటో చూసి ఏ తేదీన రాశాడో కూడా రాశాడు. “1.4 అంటే దశాంశం అనుకోరా మాస్టారూ?” అని తనే అడిగి, చుక్కను బ్రాకెట్లలో పెట్టి 1[.]4 చేశాడు. నాకు తట్టని సంగతి అది.

ఆ ప్రతి పట్టుకొని తండ్రి ఆఫీసుకు వెళ్లాడు. 1తో మొదలై 4తో ముగిసే మూడంకెల నంబర్లు 104 నుంచి 194 వరకు పది. మొదటి ప్రతిలోని 174తో వెళ్లి ఉంటే ఆ ఒక్క నంబరే చూపించమని అడిగి ఉండేవాడు. ఇప్పుడు పదీ అడిగాడు. వాటిలో కాలవ పక్కన ఉన్నవి రెండే, 134, 164. మేనమామగారి పెట్టెలో పన్ను రసీదుల కట్ట ఒకటుందట. వచ్చే ఆదివారం అది విప్పుతారు.